పోగు పొడవు, పట్టు, బలం

డ్రిల్లింగ్ మెషీన్ పిడి, కారు రేడియేటర్‌కు రెండు అంచుల్లో ఉండే నల్లని ట్యాంకులు, నీళ్ల మోటారులో తిరిగే ఇంపెల్లర్ వంటివి చాలాసార్లు సాదా ప్లాస్టిక్‌తో చేసినవి కావు. వాటి బరువులో సుమారు 30 శాతం గాజు ఉంటుంది. ఆ గాజు పొడి రూపంలో ఉండదు, తల వెంట్రుకలో ఐదోవంతు మందం మాత్రమే ఉన్న చిన్న చిన్న పోగుల రూపంలో ఉంటుంది. ఇలా ఒక పదార్థంలో మరో పదార్థపు పొట్టి పోగులను కలిపి చేసిన దాన్ని పొట్టి పోగుల కాంపోజిట్ అంటారు. పోగులు బరువు మోస్తాయి. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ వాటిని పట్టుకుని, తన మీద పడిన బరువును వాటికి చేరవేస్తుంది.

ఈ చేరవేత సరిగ్గా జరగాలంటే పోగు కొంత పొడవు ఉండి తీరాలి. అంతకన్నా పొట్టిదైతే గాజుకు ఎంత బలమున్నా దాన్ని వాడుకునే వీలు ఉండదు. ఆ హద్దును క్రిటికల్ లెంగ్త్ అంటారు. తెలుగు శాస్త్ర పరిభాషలో క్రిటికల్ అనే మాటకు సందిగ్ధం అన్న పదం వాడుకలో ఉంది కాబట్టి దీన్ని సందిగ్ధ పొడవు అనవచ్చు. గాజు పోగులు కలిపిన పాలీప్రొపిలీన్‌ను ఉదాహరణగా తీసుకుంటే ఈ విషయమంతా వరుసగా అర్థమవుతుంది. పాలీప్రొపిలీన్ అంటే బియ్యం, సిమెంటు సంచులు అల్లే ప్లాస్టికే.

బరువు పోగులోకి ఎలా వెళుతుంది?

తాడును లాగేటప్పుడు రెండు కొసలనూ చేతులతో పట్టుకుంటాం. ప్లాస్టిక్‌లో పూడుకుపోయిన గాజు పోగు కొసలను పట్టుకునేవాళ్లెవరూ లేరు. కొస దగ్గర పోగు మొగం చాలా చిన్నది, అక్కడి అతుకు త్వరగా వదిలేస్తుంది. అందువల్ల కొస ద్వారా పోగులోకి వచ్చే బలం దాదాపు సున్నా అనే లెక్కిస్తారు. ఇక మిగిలింది పోగు ఒళ్లు, అంటే దాని పక్కల ఉపరితలం. బరువు పోగులోకి వెళ్లడానికి ఉన్న దారి అదొక్కటే.

వస్తువును లాగినప్పుడు ప్లాస్టిక్ సాగాలని చూస్తుంది. గాజు దానికన్నా దాదాపు 50 రెట్లు బిరుసు కాబట్టి అంత సులువుగా సాగదు. ప్లాస్టిక్ ముందుకు జరగబోతుంటే పోగు ఆగి ఉంటుంది. ఈ తేడా వల్ల రెండూ కలిసే చోట ఒరిపిడి లాంటి బలం పుడుతుంది. దీన్ని షియర్ అంటారు. ఆ ఒరిపిడే పోగును తన వైపు లాగుతుంది. కొస నుంచి లోపలికి వెళ్లేకొద్దీ పట్టు ఉన్న ఒళ్లు పెరుగుతూ ఉంటుంది, దానితోపాటు పోగులో బిగువు కూడా కొంచెం కొంచెంగా కూడుతూ వస్తుంది. కొస దగ్గర సున్నా ఉన్న బిగువు మధ్యభాగంలో అత్యధికానికి చేరి, రెండో కొసకు వెళ్లేసరికి మళ్లీ సున్నా అవుతుంది.

పొలంలో కలుపు తీసేవాళ్లకు దీని సారం బాగా తెలుసు. వేరు పైపైనే ఉన్న మొక్క లాగగానే మొత్తంగా ఊడి వస్తుంది, వేరుకు ఏమీ కాదు. లోతుగా దిగిన వేరైతే మధ్యలో పుటుక్కున తెగి, కింది ముక్క నేలలోనే ఉండిపోతుంది. వేరు తెగిందంటే దాని పూర్తి బలం వాడకంలోకి వచ్చిందని అర్థం. ఊడి వచ్చిందంటే నేల పట్టు చాలలేదని అర్థం. అదే మొక్కను వాన పడ్డాక లాగితే ఇంకా పొడవైన వేరు కూడా ఊడి వస్తుంది. నేల తడిసి పట్టు తగ్గింది కనుక, వేరు తెగడానికి కావలసిన లోతు పెరిగింది. పోగు విషయంలోనూ ఈ మూడే లెక్కకు వస్తాయి: పోగు ఎంత గట్టిది, ఎంత లావు, చుట్టూ ఉన్నది దాన్ని ఎంత గట్టిగా పట్టుకుంది.

లెక్క

కొత్తగా తీసిన గాజు పోగు బలం చదరపు మిల్లీమీటరుకు 3,000 న్యూటన్లను దాటుతుంది. కత్తిరించడం, కలపడం, యంత్రంలో ఒరుసుకోవడం వల్ల దాని ఒంటి మీద సన్నని గీతలు పడి ఆ బలం తగ్గుతుంది. అందుకే లెక్కలో 2,000 న్యూటన్లు తీసుకోవడం సమంజసం. చదరపు మిల్లీమీటరుకు ఒక న్యూటన్‌ను ఒక మెగాపాస్కల్ అంటారు కాబట్టి పోగు బలం 2,000 మెగాపాస్కళ్లు. పోగు మందం 14 మైక్రాన్లు, అంటే 0.014 మిల్లీమీటర్లు. ప్లాస్టిక్‌కూ గాజుకూ మధ్య పట్టు 20 మెగాపాస్కళ్లు అనుకుందాం. అతుకు బాగా కుదిరిన పాలీప్రొపిలీన్‌కు ఇది ఇంచుమించుగా సరిపోయే అంకె.

ఇంత సన్నని పోగు ఎంత బలానికి తెగుతుంది? దాని అడ్డకోత వైశాల్యాన్ని 2,000తో గుణిస్తే 0.31 న్యూటన్లు వస్తుంది. 31 గ్రాముల బరువు వేలాడదీస్తే తెగిపోతుందన్నమాట. ఇప్పుడు పట్టు సంగతి చూడాలి. ఒక మిల్లీమీటరు పొడవున్న పోగు ఒంటి వైశాల్యాన్ని 20తో గుణిస్తే 0.88 న్యూటన్లు వస్తుంది. మిల్లీమీటరు పొడవు మీద ప్లాస్టిక్ 90 గ్రాముల బరువుకు సరిపడా లాగగలదు. పోగును తెంచడానికి 31 గ్రాములు చాలు కనుక, అందుకు కావలసిన పొడవు మిల్లీమీటరులో మూడోవంతు కన్నా కొంచెం ఎక్కువ, కచ్చితంగా 0.35 మిల్లీమీటర్లు.

ఇది ఒక కొస వైపు లెక్క. పోగుకు కొసలు రెండు. రెండో వైపు నుంచి కూడా అంతే పొడవు మీద పట్టు దొరికితేనే పోగు మధ్యలో బిగువు తెగే స్థాయికి చేరుతుంది. కాబట్టి మొత్తం 0.7 మిల్లీమీటర్లు ఉండాలి. ఇదే ఈ జంటకు సందిగ్ధ పొడవు. దీన్ని ఒక చిన్న సూత్రంగా రాస్తారు:

l_c = σ_f × d / (2 × τ)

ఇందులో σ_f పోగు బలం, d దాని మందం, τ పట్టు. పోగు గట్టిదైనా, లావుదైనా ఎక్కువ పొడవు కావాలి. పట్టు పెరిగితే తక్కువ పొడవు చాలు. 

1952లో హెచ్.ఎల్. కాక్స్ ప్రచురించిన వ్యాసం ఈ ఆలోచనకు పునాది వేసింది. ఆయన పరిశీలించింది కాగితాన్ని. కాగితం కూడా పొట్టి పోగుల అల్లికే. షియర్ కొసల దగ్గర ఎక్కువగా, మధ్యలో సున్నాగా ఉంటుందని ఆయన లెక్క చెప్పింది. బరువు తక్కువగా ఉండి, ఏదీ వదిలిపోనంతవరకు అది సరిపోతుంది. బరువు పెరిగాక కొసల దగ్గరి ప్లాస్టిక్ లొంగిపోవడమో, పోగు కాస్త జారడమో మొదలవుతుంది. అప్పుడు ఆ భాగమంతటా పట్టు దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది. ఆంథొనీ కెల్లీ, టైసన్ 1965లో రాగిలో టంగ్‌స్టన్ తీగలు పెట్టి లాగి చూసిన ప్రయోగాలను ఈ ఊహతోనే వివరించారు. పై సూత్రానికి ఆధారం ఆ వివరణే.

స్లాబు కడ్డీలోనూ ఇదే సూత్రం

ఇల్లు కట్టినవాళ్లకు ఈ లెక్క మరో రూపంలో తెలిసే ఉంటుంది. స్తంభంలోకి దూలం కడ్డీలు ఎంత లోపలికి పోవాలి, రెండు కడ్డీలను కలిపేటప్పుడు ఒకదాని పక్కన ఒకటి ఎంత పొడవు ఉంచాలి అని ఇంజనీరు చెబుతాడు. దాన్ని డెవలప్‌మెంట్ లెంగ్త్ అంటారు. భారత ప్రమాణం ఐఎస్ 456లో దాని సూత్రం కడ్డీ బిగువును, మందంతో గుణించి, పట్టుకు నాలుగు రెట్లతో భాగించడం. సందిగ్ధ పొడవులో సగానికి ఉన్న సూత్రం కూడా అదే. కడ్డీకి ఒక కొస వైపే చూస్తారు కాబట్టి సగం వస్తుంది, అంతే తేడా.

ఆ ప్రమాణం ప్రకారం ఎం20 కాంక్రీటులో ఎఫ్‌ఈ 415 రకం గాట్ల కడ్డీకి ఈ పొడవు దాని మందానికి 47 రెట్లు. 12 మిల్లీమీటర్ల కడ్డీకి 564 మిల్లీమీటర్లు, దాదాపు రెండడుగులు. పై ఉదాహరణలోని గాజు పోగుకు ఒక కొస వైపు కావలసింది మందానికి 25 రెట్లు. పరిమాణాలు ఎంత దూరమో, సూత్రం అంత దగ్గర. కడ్డీ ఒంటి మీద గాట్లు ఉంటే పట్టును 60 శాతం పెంచి లెక్కించడానికి ఆ ప్రమాణం ఒప్పుకుంటుంది. నున్నటి కడ్డీకి ఎక్కువ పొడవు కావలసి రావడం అందుకే. గాజు పోగుకు గాట్లు పెట్టలేరు కాబట్టి ఆ పనిని రసాయనంతో చేయించాలి. ఆ సంగతి తర్వాత వస్తుంది.

పొడవును బట్టి బలం

పోగు సరిగ్గా సందిగ్ధ పొడవు ఉంటే చాలదా అన్న ప్రశ్న రావడం సహజం. చాలదు. అలాంటి పోగులో నట్టనడుమ ఒక్క బిందువు దగ్గరే బిగువు 2,000కు చేరుతుంది. అక్కడి నుంచి రెండు కొసల వైపూ ఏటవాలుగా దిగుతుంది. పూరింటి కప్పులా ఉండే ఆ ఆకారానికి సగటు తీస్తే 1,000 మెగాపాస్కళ్లే. గాజు కోసం పెట్టిన ఖర్చులో సగమే పనికి వచ్చినట్టు.

పోగు అంతకన్నా పొడవైతే కప్పు నడుమ బల్లపరుపుగా మారుతుంది. కొసల దగ్గర 0.35 మిల్లీమీటర్ల ఏటవాళ్లు అలాగే ఉంటాయి, కానీ మొత్తం పొడవులో వాటి వాటా తగ్గుతూ వస్తుంది. 1.4 మిల్లీమీటర్ల పోగులో సగటు బిగువు 1,500. 3.5 మిల్లీమీటర్ల పోగులో 1,800. 7 మిల్లీమీటర్ల పోగులో 1,900. అంటే 0.7 నుంచి 1.4కు పెంచితే 500 కలిసివచ్చింది, 3.5 నుంచి 7కు పెంచితే కలిసివచ్చింది 100 మాత్రమే. సందిగ్ధ పొడవుకు ఐదు రెట్లు ఉంటే పోగు బలంలో 90 శాతం అందుతుంది. ఆ తర్వాత పొడవు పెంచడం వల్ల లాభం స్వల్పం.

హద్దుకు ఇవతల పరిస్థితి వేరు. 0.35 మిల్లీమీటర్ల పోగులో బిగువు మధ్యలో కూడా 1,000కే చేరుతుంది, సగటు 500. అది ఎప్పటికీ తెగదు. బరువు పెరిగితే వేరు ఊడినట్టు ఊడి వస్తుంది. అలాంటి పోగు విషయంలో గాజు బలం ఎంతన్నది లెక్కలోకే రాదు. ఇంకా గట్టి గాజు వాడినా ఫలితం మారదు. పట్టు, పొడవు, మందం మాత్రమే ఫలితాన్ని నిర్ణయిస్తాయి.

ఇక వస్తువు మొత్తం బలం చూద్దాం. బరువులో 30 శాతం గాజు ఉంటే ఘనపరిమాణంలో అది 13 శాతమే, గాజు సాంద్రత ప్లాస్టిక్‌కు దాదాపు మూడు రెట్లు కనుక. పోగులన్నీ లాగే దిశలో ఉండవు కాబట్టి వాటి వాటాను 0.6తో తగ్గించుకుందాం. ప్లాస్టిక్ తన వంతుగా సుమారు 22 మెగాపాస్కళ్లు మోస్తుంది. ఈ లెక్కన పోగులు 0.35 మిల్లీమీటర్లు ఉంటే వస్తువు బలం సుమారు 61 మెగాపాస్కళ్లు, 0.7 ఉంటే 100, 1.4 ఉంటే 139, 3.5 ఉంటే 162. గాజు శాతం, ప్లాస్టిక్, పట్టు ఏవీ మారలేదు. పొడవు మారినందుకే బలం రెండున్నర రెట్లు అయింది. అసలు వస్తువులో ఈ అంకెలు ఉన్నవి ఉన్నట్టు రావు, ముఖ్యంగా పొడవైన పోగుల దగ్గర లెక్క కన్నా తక్కువే వస్తుంది. కారణాలు చివర్లో ఉన్నాయి. కానీ పెరుగుదల తీరు మాత్రం ఇదే: మొదట నిటారుగా, తర్వాత మెల్లగా, ఆఖరికి దాదాపు బల్లపరుపుగా.

పట్టు తగ్గితే

పాలీప్రొపిలీన్ స్వభావరీత్యా దేనికీ సరిగ్గా అంటదు. గాజుకు నేరుగా కలిపితే పట్టు 5 మెగాపాస్కళ్ల దగ్గరే ఉండిపోవచ్చు. అప్పుడు సందిగ్ధ పొడవు 0.7 నుంచి ఏకంగా 2.8 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. 0.35 మిల్లీమీటర్ల పోగు మోసే సగటు బిగువు 125కు పడిపోతుంది. పై పద్ధతిలోనే లెక్కిస్తే వస్తువు బలం 32 మెగాపాస్కళ్లు. గాజు కలపని పాలీప్రొపిలీన్ బలం కూడా 30 నుంచి 35 దాకా ఉంటుంది. అంటే గాజు కలిపినందువల్ల బిరుసుదనం వచ్చింది, బరువు పెరిగింది, బలం మాత్రం చెప్పుకోదగినంత పెరగలేదు.

దీనికి విరుగుడు రెండు చోట్ల చేస్తారు. గాజు పోగును తయారుచేసేటప్పుడే దాని మీద సైజింగ్ అనే పలుచని పూత వేస్తారు. అందులో ఉండే సిలేన్ ఒక వైపు గాజును, మరో వైపు ప్లాస్టిక్‌ను పట్టుకుంటుంది. పాలీప్రొపిలీన్ వైపు మలేయిక్ ఎన్‌హైడ్రైడ్ అతికించిన పాలీప్రొపిలీన్‌ను కొద్ది శాతం కలుపుతారు. అది సిలేన్‌తో చేయి కలుపుతుంది. నైలాన్‌కు ఈ తంటా తక్కువ. దాని అణువులే గాజు పూతతో బాగా కలుస్తాయి కాబట్టి పట్టు పాలీప్రొపిలీన్ కన్నా ఎక్కువగా, సందిగ్ధ పొడవు తక్కువగా ఉంటుంది. పొట్టి పోగులతో నైలాన్ బాగా బలపడటానికి ముఖ్య కారణం ఇదే.

పట్టులో రసాయనం పాత్ర కొంతే. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి ఎక్కించి నీళ్లు పోస్తే అది చల్లారి ముడుచుకుని చెక్కను బిగించేస్తుంది. అచ్చులో కరిగిన ప్లాస్టిక్ చల్లారినప్పుడు కూడా గాజు కన్నా ఎన్నో రెట్లు ముడుచుకుని పోగును చుట్టూ నొక్కి పడుతుంది. ఆ నొక్కుడు వల్ల వచ్చే రాపిడి పట్టుకు తోడవుతుంది. మళ్లీ వేడి చేస్తే బిగువు సడలుతుంది, ప్లాస్టిక్ కూడా మెత్తబడుతుంది. గది వేడిమి దగ్గర 0.7 మిల్లీమీటర్లు ఉన్న సందిగ్ధ పొడవు ఇంజను పక్కన పెరిగిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు చాలిన పోగే వేడిలో పొట్టిదవుతుంది. అందుకే వేడి చోట వాడే వస్తువు బలాన్ని గది వేడిమి దగ్గర చేసిన పరీక్షతో నిర్ణయించకూడదు.

యంత్రంలో తరిగిపోయే పొడవు

పోగుల కాంపోజిట్ తయారీలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. కలపడానికి తెచ్చే గాజు పోగుల ముక్కలు 3 నుంచి 4.5 మిల్లీమీటర్ల పొడవుంటాయి. సందిగ్ధ పొడవుకు నాలుగైదు రెట్లు కాబట్టి అవి అలాగే వస్తువులోకి వెళితే కొరత ఉండదు. కానీ వెళ్లవు.

మొదట రెండు స్క్రూల ఎక్స్‌ట్రూడర్‌లో ప్లాస్టిక్‌ను కరిగించి, గాజును కలిపి, గుళికలుగా కోస్తారు. గాజును మొదటి నుంచే వేస్తే కరగని ప్లాస్టిక్ గుళికల మధ్య నలిగి పిండి అవుతుంది. అందుకని ప్లాస్టిక్ పూర్తిగా కరిగాక, దారి మధ్యలో పక్క నుంచి వేస్తారు. అయినా చాలా పోగులు విరుగుతాయి. ఆ తర్వాత ఇంజక్షన్ మౌల్డింగ్ యంత్రంలో గుళికలు మళ్లీ కరుగుతాయి. సగం కరిగిన గుళికలో పోగు ఒక కొస గట్టి ప్లాస్టిక్‌లో ఇరుక్కుని, రెండో కొస పారే ప్లాస్టిక్‌లో ఉంటుంది. ప్రవాహం దాన్ని వంచి విరిచేస్తుంది. మిగిలినవి స్క్రూ కొసలోని కవాటంలో, ఇరుకు నాజిల్‌లో, అచ్చు ముఖద్వారమైన గేటులో విరుగుతాయి. వస్తువు చేతికి వచ్చేసరికి పోగుల సగటు పొడవు తరచుగా 0.2 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. పై ఉదాహరణలోని హద్దుకు సగమే.

ఇంకాస్త పొడవు మిగలాలంటే స్క్రూను మెల్లగా తిప్పాలి, బ్యాక్ ప్రెషర్ తగ్గించాలి, గేటును, ప్లాస్టిక్ పారే కాలువలను వెడల్పుగా పెట్టాలి, ప్లాస్టిక్ పలచబడేంత వేడి ఇవ్వాలి. మరో మార్గం పొడవు పోగుల గుళికలు వాడటం. వీటిలో పోగులు గుళిక ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటాయి. ఇవి కూడా విరుగుతాయి, అయితే విరగగా మిగిలింది మిల్లీమీటరు దాటి ఉండటానికి అవకాశం ఎక్కువ. జాగ్రత్త తీసుకోని యంత్రంలో వేస్తే మాత్రం ఖరీదైన పొడవు గుళికలు కూడా మామూలు గుళికల స్థాయికే దిగిపోతాయి.

అచ్చు కాలువల్లో మిగిలిపోయిన ముక్కలను నూరి మళ్లీ వాడటం చాలా చోట్ల ఉన్న అలవాటు. నూరిన ప్రతిసారీ, కరిగించిన ప్రతిసారీ పోగులు పొట్టివవుతాయి. ఈ లోపం మామూలు పరీక్షకు దొరకదు. వస్తువు ముక్కను కాల్చి మిగిలిన గాజును తూస్తే లెక్కగా 30 శాతమే ఉంటుంది. సరుకు సరిగ్గానే ఉందన్న నిర్ణయానికి వస్తారు. బలం మాత్రం పడిపోయి ఉంటుంది. తూకం గాజు ఎంత ఉందో చెబుతుంది, ఎంత పొడవుందో చెప్పదు.

పొడవును కొలిచే తీరు

పొడవు తెలియాలంటే ముక్కను కొలిమి పెట్టెలో 500 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచి ప్లాస్టిక్‌ను కాల్చేయాలి. మిగిలిన గాజు పోగుల దూదిని విరగకుండా తీసి, నీళ్లలో విడదీసి, పలుచగా పరచి, సూక్ష్మదర్శిని కింద ఫొటో తీసి వందల పోగులను ఒక్కొక్కటిగా కొలవాలి. 

కొలిచాక ఏ సగటు తీసుకోవాలన్నది ఇంకో ప్రశ్న. పది పోగులు ఉన్నాయనుకుందాం. తొమ్మిది 0.3 మిల్లీమీటర్లవి, ఒకటి 3 మిల్లీమీటర్లది. మామూలు సగటు 0.57. కానీ మొత్తం గాజులో సగానికి పైగా ఆ ఒక్క పొడవు పోగులోనే ఉంది. బరువును బట్టి సగటు తీస్తే 1.72 వస్తుంది. ఒకే నమూనాకు రెండు సగటులు మూడు రెట్ల తేడాతో వచ్చాయి. బలం ఈ రెంటిలో దేన్నిబట్టీ నేరుగా రాదు. ఒక్కో పోగు మోసే బిగువును విడిగా లెక్కించి కూడితే సగటు బిగువు 1,130 మెగాపాస్కళ్ల దగ్గర వస్తుంది. 0.57ను నమ్మితే 810 అనీ, 1.72ను నమ్మితే 1,590 అనీ తప్పు లెక్క వచ్చేది. కెల్లీ, టైసన్ సూత్రాన్ని వాడేవాళ్లు హద్దుకు ఇవతలి పోగులను ఒక గుంపుగా, అవతలివాటిని మరో గుంపుగా చేసి కూడటం అందుకే.

సందిగ్ధ పొడవును ప్రయోగంతోనూ కనుక్కోవచ్చు. సాగే గుణమున్న రెజిన్ పట్టీ మధ్యలో ఒకే ఒక పొడవాటి పోగును పెట్టి పట్టీని మెల్లగా లాగుతారు. పోగు మొదట ఎక్కడో ఒకచోట తెగుతుంది. ఇంకా లాగితే ముక్కలు మళ్లీ తెగుతాయి. ఒక్కో ముక్క హద్దు కన్నా పొట్టిదయ్యాక, దాన్ని తెంచేంత బలాన్ని రెజిన్ అందించలేదు. తెగడం ఆగిపోతుంది. హద్దు కన్నా కాస్త పొడవున్న ముక్క నడుమ తెగితే సగం హద్దు ఉన్న రెండు ముక్కలవుతుంది కాబట్టి, ఆఖరున ఉండే ముక్కలన్నీ సగం హద్దుకూ పూర్తి హద్దుకూ మధ్య ఉంటాయి. వాటి సగటు హద్దులో మూడు వంతులు, అంటే ముప్పావు. సూక్ష్మదర్శినిలో కొలిచిన సగటును 4తో గుణించి 3తో భాగిస్తే సందిగ్ధ పొడవు, దాన్నుంచి పట్టు తెలుస్తాయి.

విరిగిన వస్తువు మొగం కూడా సాక్ష్యం చెబుతుంది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే పోగులు కోసిన వరిదుబ్బుల్లా పైకి పొడుచుకుని కనిపిస్తాయి, వాటి పక్కన ఊడి వెళ్లిన పోగుల గుండ్రని గుంటలు ఉంటాయి. పోగుల ఒళ్లు నున్నగా, శుభ్రంగా ఉంటే పట్టు చాలలేదన్నమాట. ఒంటికి ప్లాస్టిక్ తునకలు అంటుకుని, పొడుచుకున్న భాగం పొట్టిగా ఉంటే పట్టు బాగుందని అర్థం.

బలం, బిరుసు, దెబ్బకు ఓర్పు

పొడవు ప్రభావం అన్ని గుణాల మీద ఒకేలా ఉండదు. బిరుసుదనం వస్తువును కొద్దిగా వంచినప్పుడు కనిపించే గుణం. అప్పుడు పోగులో కావలసిన బిగువు చాలా తక్కువ, దాన్ని చేర్చడానికి కొసల దగ్గర కొద్ది పొడవు చాలు. అందుకే పొట్టి పోగులు కూడా వస్తువును బిరుసుగా చేయగలవు, పోగు పొడవు ఒక స్థాయి దాటాక బిరుసుదనం పెద్దగా మారదు. బలానికి అంతకన్నా పొడవు కావాలి.

దెబ్బకు తట్టుకునే గుణం మరో దారిన నడుస్తుంది. పగులు వ్యాపించేటప్పుడు పోగులు ప్లాస్టిక్‌లోంచి రాసుకుంటూ ఊడి రావాలి, ఆ రాపిడిలో దెబ్బ శక్తి ఖర్చవుతుంది. హద్దు లోపల పోగు ఎంత పొడవుంటే అంత దూరం రాసుకుంటూ వస్తుంది. హద్దు దాటాక చాలా పోగులు ఊడకుండా తెగిపోతాయి, తెగడంలో ఖర్చయ్యే శక్తి తక్కువ. కాబట్టి ఊడిరావడంలో ఖర్చయ్యే శక్తి పోగు సరిగ్గా సందిగ్ధ పొడవు ఉన్నప్పుడు అత్యధికమని లెక్క చెబుతుంది. పట్టును మరీ పెంచినా ఇదే ఇబ్బంది. బలం పెరుగుతుంది, పోగులు ఊడే దూరం తగ్గుతుంది, వస్తువు పెళుసవుతుంది. అయితే ఇంజక్షన్ మౌల్డింగ్‌లో వచ్చే వస్తువుల్లో ఎక్కువ పోగులు హద్దుకు ఇవతలే ఉంటాయి కనుక, అక్కడ పొడవు మిగుల్చుకుంటే బలమూ ఓర్పూ రెండూ పెరుగుతాయి.

లెక్కకు అందనివి

ఈ సూత్రం కొన్ని విషయాలను సరళం చేస్తుంది. పోగు బలం ఒకే అంకె అనుకుంటుంది. నిజానికి పొడవైన పోగులో ఎక్కడో ఒకచోట లోతైన గీత ఉండే అవకాశం ఎక్కువ, కనుక పొడవు పెరిగేకొద్దీ పోగు సగటు బలం తగ్గుతుంది. పట్టు పోగు పొడవునా సమానమనుకుంటుంది, పక్క పోగుల ప్రభావాన్ని వదిలేస్తుంది. పోగు కొసల దగ్గర ప్లాస్టిక్‌లో పుట్టే చిన్న పగుళ్లు కలిసిపోయి, పోగులు తెగకముందే వస్తువును విరిచేయవచ్చు.

అన్నిటికన్నా పెద్దది దిశ. అచ్చులో గోడల పక్కన పారే ప్లాస్టిక్ పోగులను ప్రవాహ దిశలో వరుసగా పరుస్తుంది, నడుమ పొరలో అవి తరచుగా అడ్డంగా తిరుగుతాయి. ఒకే వస్తువును నిలువుగా లాగితే ఒక బలం, అడ్డంగా లాగితే మరో బలం వస్తుంది. రెండు ప్రవాహాలు ఎదురెదురుగా వచ్చి కలిసే గీత మీద పోగులు ఒక వైపు నుంచి మరో వైపుకు దాటవు, గీత వెంబడే పడుకుంటాయి. ఆ గీతను లాగితే పోగు ఎంత పొడవున్నా ఉపయోగం లేదు, అక్కడ మోసేది ప్లాస్టిక్ ఒక్కటే. గాజు కలిపిన వస్తువులు ఎక్కువగా ఆ గీత దగ్గరే విరగడానికి కారణం ఇది.

అందువల్ల గాజు కలిపిన సరుకు మీద రాసి ఉన్న శాతం బలానికి పూచీ కాదు. వస్తువులో మిగిలిన పోగు పొడవును ఆ జంట సందిగ్ధ పొడవుతో పోల్చి చూడాలి. అది హద్దుకు ఇవతల ఉంటే గాజును పెంచే ముందు పట్టును పెంచాలి, యంత్రంలో విరగడాన్ని తగ్గించాలి. హద్దుకు ఐదు రెట్లు దాటి ఉంటే పొడవు మీద ఇంకా ఖర్చు పెట్టడం అనవసరం.